గుమ్మాలు మెలితిరిగితే అడితి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మధురవాడలో ఇల్లు కట్టుకుంటున్నాం. కలప అడితిలో "బాగా ఆరిన టేకు సార్" అంటే నమ్మి అయిదు గుమ్మాలు తీసుకున్నాం. ఆరు నెలలు కాలేదు, మూడింటికి నిలువు చెక్కలు మెలితిరిగి తలుపులు పడట్లేదు. అడిగితే "వైజాగ్ సముద్రపు గాలికి అంతే" అంటున్నాడు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. కేసు వెయ్యొచ్చా? ఇంకా రెండు గుమ్మాలు కొనాలి, ఎలాంటి చెక్క తీసుకోవాలి?

జవాబు: వెయ్యొచ్చు. బిల్లు మీద ఉన్న ఆ ముక్క చూసి టెన్షన్ పడకండి, లోపమున్న సరుకు విషయంలో అది అతన్ని కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని మొండికేయడమే అనుచిత వ్యాపార పద్ధతి. ఆ 30 రోజులు దాటినంత మాత్రాన మీ హక్కు పోదు, లోపం మీద ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. పైగా "ఆరిన టేకు" అని చెప్పి అమ్మాడు కాబట్టి 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం కింద సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. "మీరే చూసి ఏరుకున్నారుగా" అంటాడు, అననివ్వండి. చూస్తే కనపడే లోపానికి ఆ మాట చెల్లుతుంది గానీ మూడంగుళాల చెక్క లోపల ఉన్న తడి కంటికి కనపడదు.

అసలు చిక్కు చట్టంలో లేదు, రుజువులో ఉంది. చెక్క అమ్మిన రోజే పచ్చిగా ఉందా, లేక మీ ఇంట్లో పెట్టాక నీళ్లు తాగిందా? అతని లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదే, కాబట్టి చెక్క ఎందుకు వంకరపోతుందో మీకూ కొంచెం తెలియాలి.

పచ్చి చెక్కలో తడి రెండు చోట్ల ఉంటుంది. కణాల ఖాళీల్లో ఉన్న నీరు ముందు పోతుంది, అది పోతే బరువు తగ్గుతుందే తప్ప చెక్క కొలత మారదు. తడి ఇంచుమించు 30 శాతం కిందికి దిగాక కణాల గోడల్లో పట్టి ఉన్న నీరు వదలడం మొదలవుతుంది, అక్కడి నుంచే చెక్క ముడుచుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా ముడుచుకుంటే గొడవే లేదు, కానీ చెట్టు వయసు చెప్పే వలయాల వెంబడి ముడుచుకునేది వలయాలకు అడ్డంగా ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. అందుకే పలక ఒక పక్కకు వంగుతుంది. పోగు మెలికగా పెరిగిన చెట్టుదైతే, లేదా చెట్టు నడిమధ్య లేతభాగం నుంచి కోసినదైతే నిలువునా మెలితిరుగుతుంది. ఆ తిరగడమేదో అడితిలో అయిపోవాలి, సీజనింగ్ అంటే అదే. పలకల మధ్య సన్నని చెక్క బద్దలు పెట్టి నీడలో, గాలి ఆడేలా పేర్చితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని పాత లెక్క. బట్టీలో ఆరబెడితే వారాల్లో అవుతుంది.

సముద్రపు గాలి మాట పూర్తిగా అబద్ధం కాదు. విశాఖలో గాలి తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ చెక్క ఎంత ఆరినా 14–16 శాతం దగ్గరే స్థిరపడుతుంది. గుమ్మాల చెక్క ఆ దగ్గర్లో ఉన్నప్పుడే బిగించాలి. అయితే అతని వాదన అతని మెడకే చుట్టుకుంటుంది. తేమగాలి వల్ల చెక్క ఉబ్బుతుందే గానీ ముడుచుకోదు, మీ గుమ్మం ముడుచుకుని ఉంటే దాన్ని గాలి మీదికి నెట్టలేడు.

కాబట్టి టేపు తీసి కొలవండి. బిల్లులో 5 బై 3 అని ఉంటే 5 అంగుళాలంటే 127 మిల్లీమీటర్లు. టేకు 30 శాతం తడి నుంచి 15కి దిగితే ఆ వెడల్పులో 2 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా పోతుంది, వలయాలు ఎటున్నాయన్న దాన్ని బట్టి. సామిల్లులో కోతే కాస్త తక్కువగా కోశారని అతను అనొచ్చు, అందుకే ఈ ఒక్క కొలత మీదే కేసు నిలబెట్టకండి. గోడకీ గుమ్మానికీ మధ్య సిమెంటు దగ్గర సన్నని సందు పడిందా, పై మూలల్లో అతుకు విచ్చుకుందా చూడండి. ఇవి ముడుచుకున్న గుర్తులు. అలా కాక వెడల్పు పెరిగి, గోడ వైపు చెక్క నల్లబడి ఉంటే నీళ్లు మీ గోడ నుంచి వచ్చినట్టే. ప్రైమర్ వేయని గుమ్మాన్ని తడి ఇటుకగోడలో బిగించి వారాల తరబడి క్యూరింగ్ చేసినచోట ఇది మామూలే, అప్పుడు మీ కేసు బలహీనం. ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత.

ఇంకో గట్టి సాక్ష్యం లోపలి తడి. పొడవు పిన్నులున్న తేమ మీటరుతో పైపొరలోనూ, అంగుళంన్నర లోపలా చూడండి. పైన 15, లోపల 22 వస్తే తడి మొదటి నుంచీ లోపలే ఉందని అర్థం. ఇది ఆలస్యమైతే చెరిగిపోయే సాక్ష్యం, ఎండాకాలం గడిస్తే లోపలా ఆరిపోతుంది. కోత ముక్కలు మిగిలి ఉంటే దాచండి, వలయాలూ లేతభాగమూ వాటిలోనే బాగా కనపడతాయి. మెలిక ఎంతో చూపడానికి గుమ్మానికి మూల నుంచి మూలకు రెండు దారాలు కట్టండి. నాలుగు మూలలూ ఒకే సమంలో ఉంటే దారాలు నడుమ ఆనీ ఆననట్టు ఉంటాయి. మధ్యలో 8 మిల్లీమీటర్లు ఎడముంటే ఒక మూల 16 దాకా తప్పిందన్నమాట. టేపు పెట్టి, తేదీ కనపడేలా ఫోటోలు తీయండి.

ఇవి చేతిలో పెట్టుకుని ముందు స్పీడ్ పోస్టులో నోటీసివ్వండి, గుమ్మాలు మార్చడానికి 15 రోజులు టైమివ్వండి. స్పందించకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. పరీక్ష చేస్తే గానీ లోపం తేలని వస్తువైతే కమిషనే నమూనాను ల్యాబుకు పంపుతుంది, ఆ ఖర్చు ముందు మీరు కట్టాలి. వడ్రంగి పనిని తప్పుపట్టే వీలుంటే అతన్నీ పార్టీగా చేర్చండి, లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. గుమ్మాల ఖరీదుతో పాటు పీకడం, తాపీపని, పెయింటు ఖర్చులూ అడగండి. కమిషన్ పరీక్ష పూర్తయ్యేదాకా మాత్రం పాత గుమ్మం ఒకటైనా ఊడదీయకండి.

ఇక మిగిలిన రెండు గుమ్మాలు. టేకు అన్న పేరు చూసి కొనకండి, లేత టేకు కన్నా బాగా ఆరిన వేప, ఏగిస మేలు. నల్లమద్ది గట్టిదే కానీ నెమ్మదిగా ఆరాలి, తొందరపెడితే పగుళ్లొస్తాయి. అడితిలో పలక చివర చూడండి. వలయాలు వెడల్పు ముఖానికి అడ్డంగా నిలబడి ఉంటే ఆ పలక తక్కువ వంగుతుంది, చెట్టు నడిమధ్య చుక్క కనపడితే వద్దనండి. అంచున తెల్లచెక్క ఉంటే వదిలేయండి, దానికి చేవ ఉండదు, చెద ముందు అక్కడే పడుతుంది. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దొరికితే మేకులూ చెదా చూసుకుని తీసుకోవచ్చు, అది తిరగాల్సినంతా ఎప్పుడో తిరిగేసి ఉంటుంది. పలకను చివర కాకుండా నడుమ, లోపలి దాకా మీటరు గుచ్చమనండి, చివర్లు ఎప్పుడూ ముందే ఆరిపోతాయి. బిగించే ముందు గోడ వైపు ముఖానికీ, గుమ్మం కాళ్లకీ ప్రైమర్ పట్టించండి.

బిల్లు మీద జాతి, చేవ చెక్క, కొలత, "తేమ 16 శాతం లోపు" అని రాయించి సంతకం పెట్టించండి. అడితివాడు రాయనంటే ఇంకో అడితికి వెళ్లండి.