మొదటి ఫ్రీలాన్స్ పని: డబ్బు చేతికి వచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్క

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో బీకాం చివరి సంవత్సరం చదువుతూ మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. టాలీ కోర్సు పూర్తిచేశాను, ఎక్సెల్ బాగా వచ్చు, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ రాస్తాను. వెబ్ డిజైన్ నేర్చుకుంటే ఫ్రీలాన్సింగ్‌లో ఎక్కువ వస్తుందని స్నేహితులు అంటున్నారు. కానీ మూడు నెలల్లో పీజీ అద్దె, అంటే నెలకు 8,000 రూపాయలు, నేనే కట్టుకోవాలి. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: టాలీతో మొదలుపెట్టండి. వెబ్ డిజైన్‌ను చదువు పూర్తయ్యాక చూసుకోవచ్చు.

ఏ పనికైనా ఈ రోజుకూ డబ్బు చేతికి వచ్చే రోజుకూ మధ్య మూడు నిరీక్షణలు ఉంటాయి. పని నేర్చుకోవడానికి పట్టే కాలం మొదటిది, ఆ పని కావలసిన మనిషి దొరకడానికి పట్టేది రెండవది, పని అప్పగించాక సొమ్ము రావడానికి పట్టేది మూడవది. చాలామంది విద్యార్థులు మొదటిదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని, మిగిలిన రెండింటి దగ్గర చిక్కుకుంటారు.

వెబ్ డిజైన్‌లో మీకు మూడూ పొడవుగానే ఉన్నాయి. చూపించదగిన రెండు మూడు సైట్లు తయారుచేయడానికే నెలలు పడతాయి. దుకాణదారుకు వెబ్‌సైట్ అనేది వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టం లేని వస్తువు. ఫైవర్ వంటి వేదికలో పని దొరికినా, అది మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, పైగా పని పూర్తయిన తర్వాత కొత్తవారి సొమ్మును 14 రోజులు ఆపి విడుదల చేస్తుంది. మీకు మూడు భాషలు వచ్చు కాబట్టి అనువాదం గురించి కూడా ఆలోచించి ఉంటారు. అందులో నేర్చుకోవలసింది తక్కువే, అయితే ఏజెన్సీలు ముందు పరీక్ష పెడతాయి, పని ఎప్పుడు వస్తుందో చెప్పలేము, బిల్లు పంపిన తర్వాత నెలా నెలన్నర ఆగవలసి రావడం మామూలే. అంటే, చేతిలో ఉన్న సామర్థ్యమంతా త్వరగా డబ్బు తెచ్చేదే కావాలని లేదు.

లెక్కల పనికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, దుకాణదారు మెడ మీద ప్రతి నెలా ఒక గడువు తేదీ ఉంటుంది. నెలవారీ రిటర్నులు వేసేవారు గత నెల అమ్మకాల వివరాలను 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1లో చూపాలి. వారి సరఫరాదారులు చూపిన బిల్లుల ఆధారంగా 14వ తేదీన జీఎస్టీఆర్-2బి అనే పట్టిక జీఎస్టీ పోర్టల్‌లో తయారవుతుంది. 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కట్టాలి. కొనుగోలు బిల్లుల మీద తాము చెల్లించిన పన్నును తగ్గించుకోవాలంటే ఆ బిల్లు 2బిలో కనబడాలి. కాబట్టి దుకాణంలోని కొనుగోలు పద్దును 2బితో సరిపోల్చడమనే పని ప్రతి నెలా 14కీ 20కీ మధ్య ఎవరో ఒకరు చేయక తప్పదు. మీరు మొదట అమ్మవలసింది ఈ ఒక్క పనినే. మొత్తం ఖాతాలు చూస్తానని చెబితే, చదువుకుంటున్న పిల్లవాడికి ఎవరూ అప్పగించరు.

ఒక హార్డ్‌వేర్ దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 60 కొనుగోలు బిల్లులు వస్తాయనుకోండి. వాటిని టాలీలో ఎక్కించి, ఎక్సెల్‌లోకి దించుకుని, ప్రతి వరుసలో సరఫరాదారు జీఎస్టీ నంబరునూ బిల్లు నంబరునూ కలిపి ఒకే గడిగా చేసి, 2బి పట్టికలోనూ అలాగే చేసి వెతికిస్తే చాలావరకు సరిపోతాయి. మిగిలిపోయే ఐదారు బిల్లుల దగ్గరే అసలు పని మొదలవుతుంది. కొన్నింటిలో మనం 41 అని రాసుకున్న బిల్లును సరఫరాదారు పూర్తి సంఖ్యతో 25-26/041 అని రాసి ఉంటాడు, అది తేడా కాదు. కొన్నింటిలో సరఫరాదారు ఇంకా రిటర్ను వేసి ఉండడు, లేదా మరొకరి జీఎస్టీ నంబరు మీద వేసి ఉంటాడు. అటువంటి బిల్లు సరుకు విలువ 10,000 రూపాయలై, పన్ను 18 శాతమైతే, దుకాణదారు ఆ నెల 1,800 రూపాయలు అదనంగా కట్టవలసి వస్తుంది. ఎవరికి ఫోన్ చేసి ఏ బిల్లు సరిచేయించాలో మీరు ఒక కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు, ఆయన మీ రుసుమును ఆ 1,800తో పోల్చి చూసుకుంటారు.

ఎక్కించడానికి రెండు గంటలు, సరిపోల్చడానికి రెండు, రాని బిల్లుల కోసం తిరగడానికి మూడు గంటలు వేసుకుంటే మొత్తం ఏడు గంటల పని. దానికి నెలకు 2,000 అడగడం అన్యాయం కాదు. మొదటి నెల ఒక దుకాణం, రెండో నెల రెండు, మూడో నెల నాలుగు అయితే మీ అద్దె వచ్చేస్తుంది. నాలుగు దాటవద్దు, ఎందుకంటే అందరి పనీ ఆ ఆరేడు రోజుల్లోనే మీద పడుతుంది, మీ పరీక్షలు కూడా ఆ వారంలోనే వస్తే రెండూ చెడతాయి.

అయితే ఏ దుకాణానికి వెళ్లాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. మీరు రోజూ తినే ఆంధ్రా మెస్ యజమాని మనవాడే కదా అని అక్కడికి మొదట వెళ్లాలనిపిస్తుంది. కానీ 5 శాతం పన్ను వేసే భోజనశాలలకు కొనుగోళ్ల మీది పన్ను తగ్గించుకునే వీలే లేదు, కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికీ అంతే, కాబట్టి ఈ సరిపోల్చే పని వారికి అక్కరకు రాదు. హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్, ప్రింటింగ్ వంటి, కొనుగోలు బిల్లులు ఎక్కువగా ఉండే వ్యాపారాలు చూడండి. ఇంకొక చిక్కు ఉంది. వార్షిక టర్నోవరు 5 కోట్ల వరకు ఉన్నవారు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు. బిల్లు మీది జీఎస్టీ నంబరును పోర్టల్‌లో వెతికితే ఆ దుకాణం నెలవారీనా, త్రైమాసికమా అన్నది తెలుస్తుంది. త్రైమాసికమైతే మూడు నెలలకొకసారే తొందర ఉంటుంది కాబట్టి, డబ్బూ అప్పుడే వస్తుంది. మొదటి దుకాణం మాత్రం నెలవారీదే అయి ఉండాలి.

రుసుము ఎప్పుడు ఇవ్వాలన్నది ముందే మాట్లాడుకోండి. సరిపోల్చిన పట్టిక చేతికిచ్చిన రోజునే, అంటే 20కి ముందే, ఇవ్వాలని చెప్పండి. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి 19వ తేదీ రాత్రి పట్టిక పంపి, డబ్బు సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. గడువు దాటాక ఆ వ్యాపారికి ఫోన్ ఎత్తవలసిన అవసరం కలగలేదు, డబ్బు రెండు నెలలకు గాని రాలేదు. అలాగే రిటర్ను వేసే బాధ్యత మీరు తీసుకోవద్దు. పోర్టల్ పాస్‌వర్డు, ఓటీపీ యజమాని దగ్గరో, ఆయన ఆడిటరు దగ్గరో ఉండాలి. 2బి పట్టికను వారే దించి మీకు పంపాలి. తప్పుడు లెక్క వేసి రిటర్ను దాఖలు చేసిన నింద మీ మీద పడకుండా ఉండడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

వెళ్లి అడగడానికి నెలలో 21 తర్వాతి వారం మంచిది. అప్పుడు రిటర్ను ఒత్తిడి తీరి ఉంటుంది, ఎక్కడ ఎంత పన్ను పోయిందన్న బాధ మాత్రం ఇంకా తాజాగా ఉంటుంది. అంతకు ముందే మీరు సొంతంగా ఊహించి 30 బిల్లులతో ఒక కొనుగోలు పద్దు, దానికి తేడాలతో ఒక 2బి పట్టిక తయారుచేసుకుని, సరిపోల్చిన ఒక్క పేజీని ముద్రించుకుని తీసుకెళ్లండి.