సీఆర్‌ఆర్ 4 శాతమైతే గుణకం 25 రావాలి కదా?

"సీఆర్‌ఆర్ 4 శాతమైతే 100 రూపాయల డిపాజిట్‌తో 2,500 పుట్టాలి కదండీ. లెక్కల్లో 5, 6 రెట్లే ఎందుకు కనిపిస్తోంది?"

సీఆర్‌ఆర్ అంటే డిపాజిట్లలో బ్యాంకు ఆర్‌బీఐ దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన వాటా, గుణకం అంటే మూల ద్రవ్యానికి ఎన్ని రెట్ల డబ్బు నిలబడుతుందనే లెక్క. ఆ 25లో జనం చేతిలో ఉండే నోట్ల లెక్క లేదండీ. ప్రతి 100 రూపాయల డిపాజిట్‌కీ జనం 15 రూపాయలు నోట్లుగా ఉంచుకుంటారనుకోండి, బ్యాంకు 4 రూపాయలు ఆర్‌బీఐలో పెడుతుంది. ఈ రెండూ కలిసిందే మూల ద్రవ్యం. అంటే 19 రూపాయల మూల ద్రవ్యం మీద 115 రూపాయల డబ్బు నిలబడింది, 115ని 19తో భాగిస్తే సుమారు 6. పూర్ణా మార్కెట్‌లో సరుకుకి నోట్లిచ్చి, ఆ నోట్లు గల్లాపెట్టెలోనే ఉండిపోతే బ్యాంకుకి తిరిగి రానట్టే కదా.

ఇంకోటి, బ్యాంకు ముందు డిపాజిట్ తెచ్చుకుని తర్వాత అప్పిస్తుందనే వరస కూడా సరికాదు. మధురవాడలో ఫ్లాట్‌కి 30 లక్షల లోన్ మంజూరైతే, బ్యాంకు పుస్తకంలో ఒకవైపు మీరు బాకీ, మరోవైపు అమ్మినాయన ఖాతాలో 30 లక్షల జమ, ఎవరి డిపాజిట్ నుంచీ తీయలేదు, కొత్త డబ్బు. ఆయన ఖాతా వేరే బ్యాంకులో ఉంటే మాత్రం ఆర్‌బీఐలో మీ బ్యాంకుకున్న ఖాతాలోంచి ఆ 30 లక్షలూ అటు పోతాయి, అందుకే డిపాజిట్ల కోసం అంత తాపత్రయం. ఈఎమ్‌ఐలో అసలు కట్టినప్పుడల్లా ఆ డబ్బు మాయమవుతుంది కూడా.

అసలు అడ్డం సీఆర్‌ఆర్ కాదు, సొంత మూలధనం. రిస్కును బట్టి లెక్కగట్టిన అప్పుల్లో కనీసం 9 శాతం ఉండాలి. మొండి బకాయిలు దాన్ని తినేస్తే, ఆర్‌బీఐ సీఆర్‌ఆర్ ఎంత తగ్గించినా మేనేజర్ కొత్త ఫైలు ముట్టుకోడు.