డో కదిలితే మంచిదా, కదలకపోతే మంచిదా?

"మాది అమలాపురం దగ్గర. చర్చి క్వైర్‌లో పాడతాను. మూవబుల్ డో, ఫిక్స్‌డ్ డోలలో దేనితో స్వరస్థానాలు చెవికి బాగా పట్టుబడతాయి?"

మూవబుల్ డోతోనే. అందులో పాట కీ ఏదైనా దాని ఆధారస్వరమే 'డో'; ఫిక్స్‌డ్ డోలో 'డో' ఎప్పుడూ సి స్వరమే. మన సరిగమల పద్ధతీ అదే: ఒకటి శ్రుతైనా, రెండు శ్రుతైనా ఆధారస్వరం 'స'నే.

డి మేజర్ పాట తీసుకోండి. ఏడో మెట్టు సి షార్ప్. మామూలు ఫిక్స్‌డ్ డోలో దాన్నీ 'డో' అనే పాడతారు, షార్ప్ పేరులో వినబడదు. మూవబుల్ డోలో అది 'టీ'. పైనున్న డోకి అర స్వరం దూరమే, అటే లాగుతుంది. మా క్వైర్‌లో కింది స్థాయిలో పాడే ఆడగొంతులు, అంటే ఆల్టోలు, సరిగ్గా అక్కడే కిందికి జారేవారు. తంబురాలా ఒకే స్వరం ఆగకుండా మోగే డ్రోన్ పెట్టి 'డో-టీ-డో' నెమ్మదిగా పాడించాక స్థానం నిలిచింది.

కీ మాటిమాటికీ మారే పాటల్లో మాత్రం కొత్త డో వెతుక్కోవడం కష్టం. అక్కడ ఫిక్స్‌డ్ డో తేలిక.