తోడేలు చింపని అంగీ

తమ్ముడూ,

యూసుఫ్ ప్రవక్త మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడిచింది. కానీ మూడో పేజీలో అబ్బాయిని "ఇరవై దిర్హములకు" అమ్మారని రాశావే, అక్కడ నాకు చిరాకేసింది.

యూసుఫ్ గాథ ఉన్న అధ్యాయం, ఖురాన్ 12వ సూరాలో ఉన్నది కొద్దిపాటి దిర్హములని మాత్రమే. వ్యాఖ్యాతలు ఊరుకోలేదు. ఒకరు ఇరవై అన్నారు, ఒకరు ఇరవై రెండు, ఇంకొకరు నలభై. 923లో పోయిన తబరీ అనే వ్యాఖ్యాత ఏ లెక్క ఎవరు చెప్పారో అన్నీ ఓపిగ్గా రాశాడు. రాసి, అల్లాహ్ సంఖ్య చెప్పలేదు, అది తెలిస్తే ధర్మానికి ఒరిగేదీ లేదు, తెలియకపోతే పోయేదీ లేదని తేల్చేశాడు. యూసుఫ్‌ని మోహించిన జులేఖా పేరూ అంతే. ఖురాన్‌లో ఆమె అజీజ్ అనే ఈజిప్టు అధికారి భార్య, పేరు లేదు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. నా మొదటి కథ జలప్రళయం నాటి నూహ్ ప్రవక్త ఓడ మీద. అప్పటి సంపాదకుడొకాయన "ఓడ ఎన్ని మూరలో రాయి, చివర నీతి పెట్టు" అన్నాడు. చోటు చాలక, తండ్రి పిలుస్తున్నా రాకుండా మునిగిపోయిన కొడుకుని కొట్టేశాను. అచ్చయ్యాక మా నాన్న చదివి "పిల్లాడేడిరా?" అన్నారు. ఆ నీతి పిచ్చి ఈనాటి సంపాదకులకూ వదల్లేదులే.

అసలు వ్యాఖ్యాతల పనితనం చూడాలంటే అదే సూరాలో 18వ వాక్యం, ఆ ఆయతు చూడు. అన్నలు యూసుఫ్‌ని బావిలో పడేసి, తోడేలు తినేసిందని చెప్పడానికి అతని అంగీకి దొంగ నెత్తురు పూసి తెచ్చారు. తండ్రి యాఖూబ్ దాన్ని తిరగేసి చూస్తే ఎక్కడా చిరుగు లేదట. నా కొడుకుని తిని అంగీ చింపని తోడేలు ఎంత నెమ్మదస్తురాలో అన్నాడని వ్యాఖ్యాతల తఫ్సీర్లలో ఉంది. ఇదీ కల్పనే కదా అంటావు. కానీ ఇరవై దిర్హముల్లాంటిది కాదు. ఆయతులో ఉన్న గుడ్డనే పట్టుకుని చూశారు వాళ్లు. 13వ శతాబ్దంలో ఖుర్తుబీ అనే వ్యాఖ్యాత ఇంకో అడుగు వేశాడు. ఆనవాళ్లను బట్టి తీర్పు చెప్పొచ్చనడానికి న్యాయవేత్తలు ఈ ఆయతునే ఆధారం చేసుకున్నారని రాశాడు. తర్వాత, తన మీదకి వచ్చాడని అజీజ్ భార్య వేసిన నిందనుంచి యూసుఫ్‌ని బయటపడేసిందీ ఇంకో అంగీయే. వెనక చిరిగింది కాబట్టి పారిపోతున్నది అతనేనని తేలింది. ఈ చిరుగు నీ కథలో ఒక్క ముక్కలో అయిపోయింది. దిర్హములకేమో పేరా!

పోటీకి పంపాలా అనడిగావు. ముందు మూడో అంగీ సంగతి చూడు, నువ్వు దాన్ని పూర్తిగా వదిలేశావు. చూపు పోయిన తండ్రి ముఖం మీద వేయమని యూసుఫ్ పంపినది. తీసుకెళ్లింది ఎవరో ఖురాన్ చెప్పదు. అన్నల్లో ఒకడైన యహూదా అని కొందరు వ్యాఖ్యాతలన్నారు. నెత్తుటి అంగీ తెచ్చింది తనే కాబట్టి, ఇదీ తనే మోస్తానన్నాడట.