చెవి డొప్ప లాగితే ప్రాణం పోతోందా? ముందు షుగర్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 56. రాజమండ్రి. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. కార్తీక మాసమంతా తెల్లవారుజామున గోదావరి స్నానం చేశాను. నాలుగు రోజుల నుంచి కుడి చెవి విపరీతమైన నొప్పి. చెవి తమ్మె పట్టుకుని లాగితే ప్రాణం పోతోంది. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ ఇస్తే మూడు రోజులు వేసుకున్నాను. ఇంట్లో వెల్లుల్లి కాచిన నూనె కూడా వేశారు. తగ్గలేదు సరికదా, చెవి మూసుకుపోయినట్టుంది, సరిగా వినపడటం లేదు. వినికిడి శాశ్వతంగా పోతుందా? వేరే ఏ యాంటీబయాటిక్ మాత్ర వాడాలి?

జవాబు: వినికిడి గురించి టెన్షన్ పడకండి. మీరు చెప్పిన లక్షణాలకైతే చెవి గొట్టం వాచి మూసుకుపోవడం వల్లే వినపడటం తగ్గి ఉంటుంది, వాపు దిగితే చాలామందికి మామూలుగానే వస్తుంది. నాకు టెన్షన్‌గా ఉన్నది వేరే విషయం. షుగర్ ఉందన్నారు, ఎంత ఉందో రాయలేదు. ఈ మధ్య మూడు నెలల సగటు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయించారా? లేకపోతే ఈ వారంలోనే చేయించండి. చెవి చూడకుండా కచ్చితంగా ఇదేనని చెప్పలేను, కాబట్టి కింద రాసేది మీరు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు తెలుసుకోవడానికే.

తమ్మె లాగితే నొప్పి అనే ఒక్క మాటతోనే సగం విషయం తెలిసిపోతోంది, ఇది చెవి గొట్టం చర్మానికి వచ్చే ఇన్ఫెక్షన్‌లా ఉంది. చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందులో బయటి భాగం మృదులాస్థి, చెవి డొప్పతో కలిసే ఉంటుంది, అందుకే డొప్ప లాగితే గొట్టం కూడా కదులుతుంది. లోపలి భాగంలో చర్మం నేరుగా ఎముకకు అతుక్కుని ఉంటుంది, మధ్యలో కొవ్వు లేదు, వాయడానికి చోటు లేదు. చిన్న వాపుకే అంత నొప్పి ఎందుకంటే అందుకే. చెవి ముందున్న చిన్న గుబ్బ మీద వేలితో నొక్కి చూడండి, అక్కడా ఎగిరిపడేంత నొప్పి ఉంటుంది. కర్ణభేరి వెనక వచ్చే ఇన్ఫెక్షన్లో, ముఖ్యంగా పిల్లలకు జలుబు తర్వాత వచ్చేదాంట్లో, డొప్ప లాగినా సాధారణంగా ఇలా ఉండదు.

నీళ్ల పాత్ర ఏంటంటే, గులిమి మనం అనుకున్నట్టు మురికి కాదు. అది కాస్త ఆమ్ల గుణంతో, జిడ్డుగా ఉండి చర్మాన్ని కాపాడుతుంది. రోజూ మునిగి మునిగి ఆ పూత పోతుంది, చర్మం నానిపోతుంది, ఆపైన దురద పెడితే ఇయర్ బడ్డో, పిన్నీసో, బండి తాళమో పెట్టి తిప్పుతాం. అక్కడ పడిన గీతలోంచే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి తేలిగ్గా లోపలికి దిగుతుంది. మీరు బడ్ పెట్టారో లేదో రాయలేదు కానీ, ఈ సమస్యతో వచ్చినవాళ్లను అడిగితే చాలామంది కాసేపాగి ఒప్పుకుంటారు.

మీరు వేసుకున్న అజిత్రోమైసిన్ ఈ సూడోమోనాస్ మీద పనిచేయదు, మూడు రోజులు వేసినా తగ్గకపోవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. ఏ మాత్ర మార్చాలని అడిగారు, మామూలు కేసుల్లో మాత్రే అక్కర్లేదు. చుక్కల మందు నేరుగా ఇన్ఫెక్షన్ మీద పడుతుంది, అక్కడ దాని గాఢత మాత్రతో వచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఆఫ్లాక్సాసిన్ చుక్కలు, వాపు ఎక్కువైతే వాటితో పాటు స్టెరాయిడ్ కలిసినవి, సాధారణంగా ఏడు రోజులు రాస్తాం. కానీ మీ గొట్టం మూసుకుపోయింది కదా, చుక్క వేస్తే పైనే ఉండిపోతుంది. అప్పుడు ముందు సక్షన్‌తో లోపలి చీమును, నూనె ముద్దను శుభ్రం చేసి, సన్నటి స్పాంజి వత్తి ఒకటి గొట్టంలోకి దూరుస్తాం. పొడిగా ఉన్నప్పుడు అగ్గిపుల్లంత, మందు పడగానే ఉబ్బి గొట్టాన్ని తెరిచి మందును లోపలికి లాక్కుంటుంది. రెండు మూడు రోజులకు మార్చడమో తీసేయడమో చేస్తాం. చాలామందికి రెండు మూడు రోజుల్లో నొప్పి బాగా తగ్గుతుంది. తగ్గింది కదా అని మధ్యలో ఆపేయకండి.

చుక్కలు వేసుకునే ముందు సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి, చల్లటివి వేస్తే కళ్లు తిరుగుతాయి. పక్కకు తిరిగి పడుకుని వేయించుకుని, చెవి ముందున్న గుబ్బను మెల్లగా నాలుగైదు సార్లు నొక్కి, అలాగే ఐదు నిమిషాలు ఉండండి. స్నానం చేసేటప్పుడు వాజిలీన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టుకోండి. నొప్పికి పారాసిటమాల్ చాలు, షుగర్ ఉన్నవాళ్లు కిడ్నీ సంగతి తెలియకుండా మిగతా నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

ఇక ఆ నూనె. కోపం రాకుండా చెప్పలేకపోతున్నాను, క్షమించండి. వాచిన చెవిలో వెల్లుల్లి నూనె పోస్తే చెత్తతో కలిసి ముద్దకట్టి తడి లోపలే ఉండిపోతుంది, బూజు పట్టడానికి కూడా అవకాశం ఇస్తుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికీ దిగుతుంది. చిల్లు ఉందో లేదో ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలకూ ఇదే ప్రమాదం, జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి చిల్లున్న చెవిలో పడితే లోపలి చెవినే దెబ్బతీయగలవు. మీరు భయపడుతున్న వినికిడి అలా పోయే ప్రమాదం ఉంది.

షుగర్ సంగతికి వస్తా. నా దగ్గరికి అరవై దాటిన ఒకాయన వచ్చారు. మీలాగే మొదలైంది, నూనె, షాపు చుక్కలు, మళ్లీ నూనె, ఇలా ఐదు వారాలు గడిచాయి. రాత్రి నొప్పికి లేచి కూర్చునేవారట. వచ్చిన రోజు ఆయన కుడి కన్ను పూర్తిగా మూసుకోవడం లేదు, నీళ్లు తాగితే పెదవి కొసనుంచి కారుతున్నాయి. చెవిలో చూస్తే గొట్టం కింది గోడ మీద ఎర్రటి కండ, ముట్టుకుంటే రక్తం. హెచ్‌బీఏ1సీ 11 దాటింది. ఇన్ఫెక్షన్ చర్మం దాటి పుర్రె ఎముకలోకి పాకి ముఖ నరాన్ని పట్టుకుంది. ఆ కండ క్యాన్సర్ కాదని ముక్క పరీక్షతో తేల్చుకుని, ఆసుపత్రిలో రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చి, ఇంటికెళ్లాక కూడా వారాల తరబడి మాత్రలు వాడించాం. చెవి నయమైంది. మూతి మాత్రం పూర్తిగా సరిగా రాలేదు.

మీకు నాలుగు రోజులే అయింది, అలా అయిందని నేను అనడం లేదు. కానీ రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, చుక్కలు మొదలుపెట్టి మూడు రోజులైనా తేడా లేకపోవడం, చెవిలోంచి రక్తం, మూతి వంకర, చెవి వెనక వాపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి. చెవి శుభ్రం చేయించుకోవాలంటే నీళ్లు కొట్టించుకోవద్దు, షుగర్ ఉందని ముందే చెప్పి సక్షన్‌తోనే చేయమనండి.

రేపు పొద్దున్నే వెళ్లండి, సోమవారం దాకా ఆగొద్దు. ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్, షుగర్ రిపోర్టు ఉంటే అది, రెండూ తీసుకెళ్లి చూపించండి, నూనె వేసిన సంగతి కూడా దాచకుండా చెప్పండి.