ఫోన్‌లో తెరిచిన ఖాతా గురించి మేనకోడలికి

సీతమ్మధార, విశాఖపట్నం

అమ్మడూ,

మధురవాడలో ఉద్యోగంలో చేరావని, జీతం కోసం హాస్టల్ గదిలో కూర్చునే ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరిచావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో పనిచేసినవాణ్ణి కదా, వెంటనే ఒక అనుమానం వచ్చింది. ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చి ఊరుకున్నావా? లేక బ్యాంకువాళ్లు వీడియో కాల్‌లో నీ ముఖం, పాన్ కార్డు చూశారా? వీడియో కాల్ అయి ఉంటే బెంగ లేదు, బ్రాంచికి వెళ్లి చేయించుకున్నట్టే లెక్క. ఒట్టి ఓటీపీతో తెరిచినదైతే మాత్రం నీది సగం ఖాతాయే.

ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఓటీపీ కొట్టేయగలరు. కొట్టింది నువ్వేనని దానివల్ల బ్యాంకుకు రుజువు కాదు. అందుకే రిజర్వు బ్యాంకు ఇలాంటి ఖాతాలకు హద్దులు పెట్టింది. ఆ బ్యాంకులో నీ డిపాజిట్ ఖాతాలన్నిటిలో కలిపి నిల్వ లక్ష రూపాయలు దాటకూడదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చే జమలు మొత్తం 2 లక్షలు దాటకూడదు. పూర్తి కేవైసీ ఏడాదిలోగా అయిపోవాలి, లేదంటే ఖాతా మూసేయాలి.

మా వీధి చివరింటి అబ్బాయికి ఇదే జరిగింది. జీతం నెలకు 28 వేలు. మే నుంచి నవంబరు దాకా ఏడు జీతాలు, అంటే 1,96,000 జమయ్యాయి. మధ్యలో వాళ్ల నాన్న మూడు వేలు పంపాడు. ఇంకో వెయ్యి పడితే హద్దు నిండిపోతుందన్న సంగతి పాపం వాడికి తెలియదు. డిసెంబరు జీతం కంపెనీకి తిరిగి వెళ్లిపోయింది, ఉన్న డబ్బు తీయడానికీ వీల్లేకుండా ఖాతా ఆగిపోయింది. గది అద్దె కట్టే రోజున మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో బ్యాలెన్స్ కనిపిస్తోంది, ఎవరికి పంపినా ఫెయిల్ అంటోంది. అంతకుముందు బ్యాంకు నుంచి పూర్తి కేవైసీ చేయించుకోమని మెసేజీలు వచ్చాయట. మోసగాళ్ల పని అనుకుని అన్నీ తీసేశాడు. వాణ్ణి తప్పుపట్టలేం, అలాంటి మోసాలు అన్ని జరుగుతున్నాయి మరి. మెసేజ్‌లోని లింకు నొక్కొద్దు, కానీ మెసేజ్‌ని వదిలేయొద్దు కూడా. బ్యాంకు యాప్ నువ్వే తెరిచి చూడు, లేదా బ్రాంచిలో అడుగు.

వాణ్ణి బ్రాంచికి తీసుకెళ్తే అక్కడ ఇంకో ముడి పడింది. పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. మనవాళ్లలో సగం మందిది ఇదే గోల. మనిషి కంటికి ఇద్దరూ ఒక్కరే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. పాన్‌లో పేరు సరిచేయించుకుని వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ చేబదుళ్లతో నెట్టుకొచ్చాడు. కాబట్టి నువ్వు ముందు ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం చూసుకో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకని వీలైనంతవరకు ఆధార్‌ని కదపకుండా పాన్‌నే దానికి తగ్గట్టు మార్పించుకో.

చిరునామాకు టెన్షన్ పడకు. నీ ఆధార్‌లో పార్వతీపురం ఉంది, హాస్టల్ కరెంటు బిల్లేమో యజమాని పేరున ఉంటుంది. బ్రాంచిలో వేలిముద్రతో ఆధార్ కేవైసీ చేస్తే, ఇప్పుడు ఉంటున్న చిరునామా నువ్వే రాసి, సంతకం పెట్టి ఇస్తే చాలు. ఆధార్ బదులు పాస్‌పోర్టో, ఓటరు కార్డో, డ్రైవింగ్ లైసెన్సో ఇచ్చి, అందులో పాత చిరునామా ఉంటే మాత్రం కొత్తదానికి రెండు నెలలు దాటని కరెంటు బిల్లు లాంటిది కావాలి. ఆ తర్వాత మూడు నెలల్లో కొత్త చిరునామా ఉన్న కార్డు కూడా చూపించాలి. నీకు ఆధార్ దారే సుళువు. పాన్ కార్డును చిరునామాకు గానీ గుర్తింపుకు గానీ ఇవ్వబోకు, అది పన్ను లెక్క కోసం ఆధార్‌తో పాటు అడిగేది.

ఎప్పుడైనా ఖాతా ఆగితే బ్రాంచిలో మొదట అడగాల్సింది కారణం. కేవైసీ వల్ల ఆగిందా, లేక పోలీసులకు అందిన ఫిర్యాదు మీద ఆపారా అని అడుగు. కేవైసీ అయితే నీ కాగితాలతో తీరిపోతుంది. పోలీసులదైతే ఎన్ని కార్డులు చూపించినా బ్రాంచివాళ్లు విడిపించలేరు, ఫిర్యాదు ఏ స్టేషన్‌దో రాసివ్వమని అడగాలి.

రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. ఈ శనివారం మొదటిది, బ్యాంకు ఉంటుంది. ఒరిజినల్ ఆధార్, పాన్, రెండు ఫొటోలు, ఆధార్‌కి లింకైన ఫోన్ పట్టుకుని పొద్దున్నే మన ఇంటికొచ్చేయ్. టిఫిన్ తిని ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మామయ్య