నెలవారీ రిపోర్టులో పై చార్ట్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

ప్రశ్న: మా డెలివరీ హబ్ నెలవారీ రిపోర్టు నేనే చేస్తాను. ఎక్కడ లైన్, ఎక్కడ బార్, ఎక్కడ పై చార్ట్ పెట్టాలో ప్రతిసారీ తికమకే. అనుభవం ఉన్నవాళ్లు చెప్తారా?

జవాబు: నాకు ఎక్కువ దెబ్బ తగిలింది వాటాల దగ్గరే, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక కొరియర్ హబ్‌లో పనిచేసేటప్పుడు, డెలివరీ కాక వెనక్కొచ్చిన పార్సిళ్ల కారణాలను నెలకో పై చార్టుగా వేసి, రెండు నెలలవీ పక్కపక్కన పెట్టేవాడిని. ఒక ఏప్రిల్‌లో 400 వెనక్కొచ్చాయి. అడ్రస్ తప్పు 140, ఇంటికి తాళం 120, ఫోన్ ఎత్తలేదు 100, కస్టమర్ వద్దన్నారు 40. తర్వాత బుకింగ్ దగ్గరే పిన్‌కోడ్, ఇంటి నంబరు సరిచూడటం మొదలుపెట్టాం. మే నెలలో అడ్రస్ తప్పులు 40కి దిగాయి. మిగతా మూడు లెక్కలూ మారలేదు. మొత్తం 300.

కానీ పై చార్టులో తాళం ముక్క 30 శాతం నుంచి 40కి పెరిగింది. ఫోన్ ముక్క 25 నుంచి 33కి చేరింది. మీటింగ్‌లో అందరి కళ్లూ ఆ పెద్ద ముక్క మీదే. "తాళాలు ఇంత పెరిగాయేంటి, కుర్రాళ్లు అసలు ఇళ్లకు వెళ్తున్నారా?" అని అడిగారు. ఒక్క తాళం కూడా పెరగలేదు. మాట పడింది మాత్రం ఎండలో తిరిగిన కుర్రాళ్లు. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఆ తర్వాత కారణాలకు అడ్డ బార్లే వేశాను. ఒక్కో కారణానికి ఏప్రిల్, మే బార్లు కిందా పైనా, శాతం కాదు, పార్సిళ్ల సంఖ్య. అడ్రస్ బార్ కుదించుకుపోవడం, మిగతావి కదలకపోవడం చూడగానే తెలుస్తుంది. కారణాల పేర్లు పొడవుగా ఉన్నా అడ్డ బార్ పక్కన మెడ వంచకుండా చదవొచ్చు. పై చార్ట్ వేయాలనుకుంటే ఒకే నెలకు, రెండు మూడు ముక్కలకు మించకుండా వేయండి. క్యాష్ ఆన్ డెలివరీ, ముందే డబ్బు కట్టినవి లాంటి వాటికి అది చాలు.

రోజువారీ డెలివరీలకు లైనే. ఆదివారం లోడు తక్కువ కాబట్టి గీత వారానికోసారి గుంటలో పడుతుంది, చూసినవాళ్లు కంగారుపడతారు. పక్కనే 7 రోజుల సగటు గీత కూడా వేస్తే అసలు పెరుగుదల, తగ్గుదల కనిపిస్తాయి.

రూట్ల మధ్య పోలికకు బార్లు, పెద్దది పైన ఉండేలా వరుస పెట్టండి. ఇక్కడ ఒక్కటి మాత్రం తప్పక చూసుకోండి. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే అక్షాన్ని సున్నా నుంచి కాకుండా ఇంకా పెద్ద అంకె నుంచి మొదలుపెడుతుంది. అక్షం 93 దగ్గర మొదలైతే 96 శాతం రూట్ బార్, 94 శాతం రూట్ బార్‌కు మూడింతలు కనిపిస్తుంది. Format Axis లో Minimum దగ్గర 0 పెట్టండి. అప్పుడు బార్లన్నీ ఒకేలా కనిపిస్తే ఆ రూట్ల మధ్య తేడా నిజంగానే చిన్నది. ఆ రెండు శాతం కూడా ముఖ్యమనుకుంటే బార్లు తీసేసి, అంకెలతో చిన్న పట్టిక ఇవ్వండి.